వందసార్లు విన్న పాటలో ఇంకా ఎదురుచూసేది ఏముంది?

"మాది దేవరకొండ దగ్గర ఊరు సార్. నాకు ఇష్టమైన ఒక పాటలో చరణం అయిపోయి పల్లవి మళ్ళీ అందుకునే ముందు వాయిద్యాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. అక్కడికి రాగానే చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. వందసార్లు విన్నా అంతే. ఎదురుచూపు వల్లే సంగీతం మనసును కదిలిస్తుందని సైకాలజీలో అంటారట. ముందే తెలిసిన దాంట్లో ఎదురుచూపు ఏముంటది? దీన్ని నిజంగా ప్రయోగాలు చేసి తేల్చారా?"

నేను పాలమూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా సైకాలజీ చెప్పాను. చిన్నప్పుడు మా ఊరి భజన మండలిలో హార్మోనియం పట్టుకున్న చెయ్యి కూడా ఇదే. కాబట్టి ఈ ప్రశ్న నన్ను రెండు వైపుల నుంచీ తగులుతుంది.

ముందు ఎదురుచూపు అన్న మాట దగ్గర ఒక చిక్కు ఉంది. మనకు ఎదురుచూపు అంటే బస్టాండులో బస్సు కోసం నిలబడటం. అది తెలిసి చేసే పని. సైకాలజీలో ఈ మాటకు అర్థం అది కాదు. ఒక్కసారి గొంతెత్తి స, రి, గ, మ, ప, ద, ని అని పాడి అక్కడ ఆపేయండి. పై స పాడకండి. ఏదో వేలాడుతున్నట్టు, మెట్టు మీద పెట్టబోయిన కాలు గాల్లో ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు స రావాలి అని మీరు ఆలోచించి అనుకోలేదు. చెవే అడిగింది. ఈ అడగడమే వాళ్ళు చెప్పే ఎదురుచూపు. ఇది క్షణంలో సగం సేపట్లో, మన అనుమతి లేకుండా జరిగిపోయే అంచనా.

ఈ ఆలోచనకు పునాది వేసింది లియొనార్డ్ మేయర్ అనే అమెరికన్ సంగీత శాస్త్రవేత్త. 1956లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వాదన ఇది: పాట నడుస్తుంటే మనలో తరువాత ఏది రావాలో ఒక మొగ్గు ఏర్పడుతుంది, ఆ మొగ్గును పాట ఆలస్యం చేసినా అడ్డుకున్నా అక్కడ భావం పుడుతుంది. వినడానికి బాగానే ఉంది కానీ అప్పటికి కొలిచి చూపించిన వాళ్ళు లేరు. ఆ మొగ్గును అంకెల్లో పెట్టే పద్ధతి రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆ పద్ధతి చాలా తేలిక. కేరల్ క్రమ్‌హాన్సల్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు ముందుగా ఒక స్వరక్రమం వినిపించేవారు. ఆ తరువాత పన్నెండు స్వరస్థానాల్లో ఏదో ఒకటి మోగించి, ఇది ఇప్పుడు విన్నదానికి ఎంత బాగా అతికింది, ఒకటి నుంచి ఏడు వరకు మార్కు వేయండి అనేవారు. 1982లో ఎడ్వర్డ్ కెస్లర్‌తో కలిసి ఆమె అచ్చువేసిన అంకెలు ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలు దాదాపు మన శంకరాభరణం స్వరాలే కాబట్టి మన పేర్లతోనే చెప్తాను. స కు 6.35, ప కు 5.19, గ కు 4.38. ఇక ని కి వచ్చింది 2.88 మాత్రమే. అన్నిటికన్నా తక్కువ, 2.23, వచ్చింది స ను ఆనుకుని ఉన్న శుద్ధ రిషభానికి. ఆ రాగంలో లేని స్వరం అది.

ఇప్పుడు మీరు ని దగ్గర ఆగినప్పుడు ఏమైందో చూడండి. ని ఆ రాగంలోని స్వరమే, కానీ అక్కడ నిలబడటానికి చోటు లేదు. పక్కనే, అరమెట్టు దూరంలో, అన్నిటికన్నా గట్టి చోటు స ఉంది. నిలకడ లేని చోటు, దాని పక్కనే నిలకడ ఉన్న చోటు. లాగుడు అక్కడి నుంచి వస్తుంది. పాటలు కట్టేవాళ్ళకు ఇది చేతికి తెలుసు, సైకాలజిస్టులు దాన్ని అంకెల్లోకి దించారు.

మరి ఈ అంకెలు మన బుర్రలోకి ఎలా వచ్చాయి? సంగీతం నేర్చుకున్నందువల్ల మాత్రం కాదు. మన అవ్వలు స అంటే ఏమిటో తెలియకుండానే అపశ్రుతిని పట్టేస్తారు. 1996లో జెన్నీ సాఫ్రన్, ఆమె తోటి పరిశోధకులు ఎనిమిది నెలల పిల్లలకు అర్థంలేని అక్షరాల వరసను రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తరువాత ఏది తరచుగా వస్తుందో పిల్లలు అంతలోనే పట్టేశారు. 1999లో అక్షరాల బదులు స్వరాలు పెట్టినా అదే జరిగింది. అంటే ఏది దేని వెంట వస్తుందో లెక్కపెట్టుకోవడం మాటలు కూడా రాని వయసులోనే మొదలవుతుంది, ఎవరూ నేర్పనక్కరలేదు.

మన సంగీతం మీద చేసిన పని కూడా ఒకటుంది, నేను క్లాసులో ఎప్పుడూ దాన్ని వదలలేదు. 1984లో మేరీ కాస్టెలానో, జంషెడ్ భరూచా, క్రమ్‌హాన్సల్ కలిసి పది హిందుస్తానీ రాగాలు తీసుకుని, భారతీయ శ్రోతలకూ పాశ్చాత్య శ్రోతలకూ ఇదే మార్కుల పద్ధతి పెట్టారు. పాశ్చాత్యులు కూడా మరీ తప్పలేదు. ఆ కాసేపట్లో ఏ స్వరం ఎక్కువసేపు మోగిందో దాన్ని బట్టి అంచనా కట్టుకున్నారు. కానీ ఆ రాగం వెనక ఉన్న థాట్, అంటే రాగం పుట్టిన మూల స్వరక్రమం, దాని నీడ కనిపించింది భారతీయుల మార్కుల్లో మాత్రమే. అక్కడికక్కడ విన్నదాని నుంచి కట్టుకునే అంచనా ఎవరికైనా వస్తుంది, ఏళ్ళ తరబడి విని కట్టుకున్న అంచనా మాత్రం ఆ సంగీతంలో పెరిగిన వాళ్ళకే వస్తుంది.

ఇక మీ అసలు చిక్కు. ముందే తెలిసిన పాట కదా, ఇంకా ఏం అంచనా?

మన లోపల ఒక లెక్క కాదు, రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి, ఈ పాట లెక్క: ఇక్కడ ఆగుతుంది, తరువాత పల్లవి వస్తుంది. రెండోది, పాటలన్నిటి లెక్క: మామూలుగా ఏ పాటైనా ఇలా నడిస్తే తరువాత ఇది రావాలి. మొదటిది ఈ ఒక్క పాట విని వచ్చింది. రెండోది పుట్టినప్పటి నుంచి విన్న ప్రతి పాట, ప్రతి దరువు, ప్రతి జోలపాట నుంచి వచ్చింది. కిటుకు ఏమిటంటే రెండోది మొదటిదాని మాట వినదు. మీకు పాట మొత్తం కంఠతా వచ్చినా, ఆ రెండో లెక్క ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే అంచనా వేస్తుంది, ప్రతిసారీ తప్పుతుంది.

ఇది మాటగా చెప్తే నమ్మబుద్ధి కాదు, అందుకే భరూచా, టిమథీ జస్టస్ కలిసి 2001లో చేసిన ప్రయోగం కాస్త వివరంగా చెప్తాను. ముందు ఒక స్వరగుచ్ఛం, అంటే ఒకేసారి కలిపి మోగే కొన్ని స్వరాలు, మోగిస్తారు, దాని వెంటనే రెండోది. రెండోది శ్రుతిలో ఉందా, కొంచెం తప్పిందా అన్నది మాత్రం వినేవాళ్ళు వీలైనంత త్వరగా చెప్పాలి. మొదటిదానికి చుట్టరికం ఉన్న గుచ్ఛం వస్తే జనం త్వరగా చెప్తారు, సంబంధం లేనిది వస్తే తడబడతారు. అంత వరకు పాత సంగతే. వీళ్ళు చేసిన కొత్త పని ఏమిటంటే, రాబోయే జంటను ముందే వినిపించేశారు. సంబంధం లేని గుచ్ఛమే వస్తుందని వాళ్ళకు ఖాయంగా తెలుసు. అయినా చుట్టరికం ఉన్న గుచ్ఛానికే చెవి త్వరగా స్పందించింది. తెలిసిన విషయం ఆ పాత లెక్కను ఆపలేకపోయింది.

కళ్ళకు కూడా ఇలాంటిదే ఒకటుంది. రెండు సమానమైన గీతలు, ఒకదాని చివర బాణాలు లోపలికి, ఇంకోదాని చివర బయటికి. స్కేలు పెట్టి కొలిచి సమానమే అని తేల్చుకున్నాక కూడా ఒకటి పొడుగ్గానే కనిపిస్తుంది. తెలుసుకోవడం ఒక గదిలో, కనిపించడం ఇంకో గదిలో. పాటలోనూ అంతే.

సరే, అంచనా తప్పింది. దానికి ఒళ్ళెందుకు స్పందించాలి? ఇక్కడ నాకు బాగా నచ్చిన ప్రయోగం నికొలస్ స్టైన్‌బైస్, స్టెఫాన్ కెల్ష్, జాన్ స్లొబోడా 2006లో చేసింది. బాఖ్ అనే జర్మన్ స్వరకర్త రాసిన బృందగానాలు తీసుకున్నారు. వాటిలో ఒక చోట బాఖ్ స్వయంగా పెట్టిన, కొంచెం ఊహించని స్వరగుచ్ఛం ఉంటుంది. ఆ ఒక్క గుచ్ఛాన్ని మార్చి ఇంకో రెండు రకాలు తయారుచేశారు: ఒకదాంట్లో అందరూ ఊహించేది, ఇంకోదాంట్లో అస్సలు ఊహించనిది. మిగతా సంగీతం అక్షరం మారలేదు. వినేవాళ్ళ వేళ్ళకు తీగలు తగిలించి చెమట కొలిచారు. చర్మం మీద కంటికి కనిపించనంత చెమట పడితే కరెంటు కొంచెం తేలికగా పారుతుంది, మనిషి లోపల కదిలాడని అదే చెప్తుంది. గుచ్ఛం ఎంత ఊహించనిదైతే ఆ రీడింగు అంత పెరిగింది. సంగీతం నేర్చిన వాళ్ళలోనూ, నేర్వని వాళ్ళలోనూ. గుండె వేగంలో మాత్రం తేడా కనిపించలేదు. నేను దీన్ని ఎందుకు మెచ్చుకుంటానంటే, సాహిత్యం, గొంతు, జ్ఞాపకం ఇవేవీ మారకుండా అంచనా ఒక్కటే మారింది. కాబట్టి కారణం అంచనాయే అని ధైర్యంగా చెప్పవచ్చు.

స్లొబోడా అంతకు ముందే, 1991లో, 83 మందిని ఒక ప్రశ్నాపత్రంతో అడిగాడు: పాటలో సరిగ్గా ఏ చోట మీకు కన్నీళ్ళు, ఏ చోట జలదరింపు, ఏ చోట గుండె దడ? తరువాత ఆ చోట్లను స్వరలిపిలో వెతికాడు. కన్నీళ్ళు వచ్చిన చోట్ల ఎక్కువగా ఒక స్వరం మీద కాసేపు వాలి, ఆ తరువాతే అసలు స్వరానికి దిగే నడక ఉంది. జలదరింపు దగ్గర ముందు సూచన లేకుండా వచ్చిన కొత్త స్వరగుచ్ఛం. దడ దగ్గర, తాళంలో అనుకున్నదానికన్నా ముందే వచ్చేసిన దెబ్బ. మూడూ అంచనాతో ఆడుకోవడమే, ఆడే తీరు మాత్రం వేరు.

ఇప్పుడు మీ వెంట్రుకల దగ్గరికి. 2011లో మాంట్రియల్‌లో వలొరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం చేసిన ప్రయోగం సరిగ్గా మీలాంటి వాళ్ళ మీదే. మాటలు లేని సంగీతానికి ఒళ్ళు జలదరించే వాళ్ళు కావాలని ప్రకటన ఇస్తే 217 మంది వచ్చారు. వాళ్ళలో ప్రతిసారీ, అదే సంగీతానికి, తప్పకుండా జలదరింపు వచ్చే వాళ్ళను వడబోశారు. చివరికి లెక్కలోకి తీసుకున్నది 8 మంది. తక్కువ మందే, కానీ ఎంచింది చాలా జాగ్రత్తగా.

వాళ్ళ ముందున్న సమస్య: ఎవరికి జలదరింపు తెచ్చే సంగీతం వాళ్ళదే. ఒకరి పాట ఇంకొకరికి సోది. దీన్ని వాళ్ళు అడ్డంకిగా కాక సాధనంగా వాడుకున్నారు. మీకు ఇష్టమైన సంగీతాన్ని నాకు మామూలు సంగీతంగా పెడతారు, నాది ఇంకొకరికి. అలా అందరికీ రెండు రకాలు దొరుకుతాయి, సంగీతం నాణ్యతలో తేడా అన్న అనుమానం ఉండదు.

మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలైందా అని చూడటానికి రాక్లోప్రైడ్ అనే పదార్థాన్ని, రేడియోధార్మిక గుర్తు పెట్టి, రక్తంలోకి ఎక్కించారు. డోపమిన్ కూర్చునే కుర్చీల్లోనే ఇదీ కూర్చుంటుంది. డోపమిన్ ఎక్కువ వస్తే దీనికి కుర్చీలు దొరకవు, స్కానులో దాని వెలుగు తగ్గుతుంది. ఇష్టమైన సంగీతం విన్నప్పుడు నిజంగానే తగ్గింది. కానీ ఈ స్కాను చాలా నిదానమైనది. మొత్తం మీద డోపమిన్ పెరిగిందని చెప్తుంది తప్ప ఏ సెకనులో అన్నది చెప్పదు. అందుకని అదే మనుషులను వేరే రోజు, వేగంగా బొమ్మ తీసే ఎమ్‌ఆర్‌ఐలో పెట్టి అదే సంగీతం వినిపించారు.

అప్పుడు బయటపడింది అసలు విషయం. జలదరింపు క్షణంలో చురుగ్గా ఉన్నది న్యూక్లియస్ అక్యూంబెన్స్ అనే భాగం. దానికి ముందున్న కొద్ది సెకన్లలో, అంటే ఆ చోటు వస్తోంది, వస్తోంది అన్నప్పుడు, చురుగ్గా ఉన్నది కాడేట్ అనే వేరే భాగం. ఎదురుచూడటానికి ఒక చోటు, అందుకోవడానికి ఇంకో చోటు. కాబట్టి మీరు అడిగిన దానికి సగం జవాబు ఇక్కడే ఉంది: తెలిసిన పాటలో ఎదురుచూపు తగ్గదు, ఆ చోటు వస్తుందని తెలిసినందువల్లే ఈ మొదటి భాగం పని మొదలుపెడుతుంది. అంటే మీలోని రెండు లెక్కలూ ఒకేసారి కూలి ఇస్తున్నాయి. ఈ పాట తెలిసిన లెక్క ముందు నుంచే ఊరిస్తుంది, పాటలన్నిటి లెక్క ఆ చోట మళ్ళీ ఉలిక్కిపడుతుంది.

స్కానులో రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు, దీన్ని నేను పిల్లలకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. ఆ లోటు 2019లో కొంత తీరింది. లారా ఫెర్రెరీ బృందం 27 మందికి మూడు వేర్వేరు రోజుల్లో, ఏది ఏమిటో చెప్పకుండా, డోపమిన్‌ను పెంచే లెవోడోపా, అడ్డుకునే రిస్పెరిడోన్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సంగీతం వినిపించారు. మొదటిది మింగిన రోజు ఆనందం పెరిగింది, రెండోది మింగిన రోజు తగ్గింది. పాట కొనడానికి ఎంత డబ్బు పెడతారన్నది కూడా అదే దారిలో మారింది.

ఇంతవరకు చదివి, ఊహించనిది వస్తే చాలు ఆనందం అనుకుంటే తప్పు. పాట మధ్యలో ఎవరో పళ్ళెం కింద పడేస్తే అదీ ఊహించనిదే. 2013లో హాకె ఎగర్‌మన్, మార్కస్ పియర్స్, వాళ్ళ తోటివారు 50 మందిని నిజమైన వేణు కచేరీలో కూర్చోబెట్టి కొలిచారు. ఏ స్వరం ఎంత ఊహించనిదో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం లెక్కకట్టింది. ఊహించని స్వరాల దగ్గర వినేవాళ్ళలో కదలిక పెరిగింది, కానీ హాయి తగ్గిందని చెప్పారు. ఉలికిపాటు ఉలికిపాటే, అది దానంతటది తీపి కాదు.

అది తీపి ఎప్పుడవుతుందో చాలా దగ్గరగా చూపించింది విన్సెంట్ చుంగ్, కెల్ష్ బృందం 2019లో చేసిన పని. అమెరికాలో జనాదరణ పొందిన 745 పాటల నుంచి దాదాపు 80,000 స్వరగుచ్ఛాలు తీశారు. కంప్యూటర్ ప్రతి చోటా రెండు అంకెలు ఇచ్చింది. ఒకటి, రాబోయేది ఏదో అన్న సందిగ్ధం ఎంత ఉంది. రెండు, వచ్చినది ఎంత ఆశ్చర్యం. గొంతు, మాటలు, దరువు అన్నీ తీసేసి ఉత్త గుచ్ఛాల వరసలు వినిపించి ఎంత హాయిగా ఉందో అడిగారు. హాయి రెండు సందర్భాల్లో పెరిగింది. ఒకటి, ఇదే వస్తుందని ఖాయంగా అనిపించిన చోట అనుకోనిది వచ్చినప్పుడు. రెండోది, ఏం వస్తుందో తెలియక అయోమయంగా ఉన్న చోట అనుకున్నదే వచ్చినప్పుడు. అయోమయం మీద ఆశ్చర్యం పడితే చిరాకు, ఖాయం మీద మామూలుది పడితే ఆవలింత. ఆశ్చర్యం ఒక్కదాన్నే కొలిచిన పాత ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

మీ పాటలో నిశ్శబ్దం గురించి నా ఊహ చెప్తాను, ఇది ప్రయోగం కాదు, అనుభవం. చరణం ముగిసే చోట పల్లవి వస్తుందన్నది ఎవరికైనా తెలుసు. ఏది వస్తుందో ఖాయం. ఎప్పుడు వస్తుందన్నది కూడా దరువు చెప్పేస్తుంది. సరిగ్గా ఆ దెబ్బ పడాల్సిన చోట ఏమీ పడదు. బతుకమ్మ ఆడేటప్పుడు మా మేనత్త ఇదే చేసేది. పాట ఎత్తుకునేది ఆమే. చుట్టూ వాళ్ళు ప్రతి వరస చివర "ఉయ్యాలో" అందుకుని చప్పట్లు కొడతారు. రాత్రి బాగా గడిచాక, అందరూ అలవాటులో పడ్డాక, వరస చివరి అక్షరాన్ని ఆమె కొంచెం సాగదీసేది. చిన్నపిల్లల చప్పట్లు ముందే పడిపోయేవి, పెద్దవాళ్ళ చేతులు గాల్లో ఆగేవి. ఆ తరువాత వచ్చే "ఉయ్యాలో"కి గొంతులు ఒక్కసారిగా లేచేవి. మొదటి పది నిమిషాల్లో మాత్రం ఆమె ఎప్పుడూ అలా చేయలేదు. ఖాయం కుదరకముందు ఆటపట్టిస్తే నవ్వు రాదని ఆమెకు ఎవరు చెప్పారో!

దరువులో పడని దెబ్బను పట్టడం కూడా పుట్టుకతోనే వచ్చినట్టుంది. 2009లో ఇస్త్వాన్ వింక్లర్ బృందం పుట్టి రెండు మూడు రోజులైన పిల్లలు నిద్రపోతుండగా డ్రమ్ము దరువు వినిపించి, అప్పుడప్పుడు మొదటి బలమైన దెబ్బను తీసేసింది. పిల్లల మెదడు తరంగాలు ఆ లోటు దగ్గర మారాయి. పీర్ల పండుగకు అలావా చుట్టూ డప్పు మోగుతుంటే చంకలో నిద్రపోయే పసిగుడ్డు లోపల కూడా ఈ లెక్క నడుస్తూనే ఉంటుందన్నమాట.

ఖాళీ తరువాత పల్లవి దిగినప్పుడు అంత గట్టిగా ఎందుకు తగులుతుందన్నదానికి డేవిడ్ హ్యూరాన్ 2006లో ఒక వివరణ ఇచ్చాడు. మెదడులో అంచనా తప్పితే వేగంగా స్పందించే భాగం ఒకటి, నిదానంగా ఆలోచించి తేల్చుకునే భాగం ఒకటి. మొదటిది ఏదో తేడాగా ఉందని ఒళ్ళంతా బిగబట్టిస్తుంది. రెండోది, ఏం లేదు, పాటే కదా అని సర్దిచెప్తుంది. బిగింపు ఎంత ఎక్కువైతే వదిలినప్పటి హాయి అంత ఎక్కువ. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కూడా ఆ మొదటి భాగం పనేనంటాడు: పిల్లి భయపడితే బొచ్చు లేస్తుంది కదా, అదే పాత ఏర్పాటు. వివరణ నాకు నచ్చుతుంది కానీ, పైన చెప్పిన ప్రయోగాలంత గట్టిగా ఇది రుజువైందని అనను.

నా సొంత ప్రయోగం ఒకటి ఎలా చెడిపోయిందో చెప్పాలి, ఎందుకంటే మీరూ అదే తప్పు చేసే వీలుంది. ఒకసారి క్లాసులో ముప్పై మంది పిల్లలకు ఒక వాయిద్య సంగీతం పెట్టి, జలదరింపు వస్తే చెయ్యి ఎత్తమన్నాను. ఒకే చోట ఇరవై చేతులు లేచాయి. పొంగిపోయాను. వెనక బెంచీ అమ్మాయి, "సార్, ముందు బెంచీ వాళ్ళు ఎత్తారని మేమూ ఎత్తినం" అంది. మరుసటి వారం కళ్ళకు గుడ్డలు కట్టి చేస్తే నాలుగు చేతులు లేచాయి, నాలుగు చోట్ల. పరిశోధకులు చెమట కొలవడం, ఊపిరి కొలవడం ఎందుకు పెట్టుకుంటారో నాకు ఆ రోజు కడుపులోకి దిగింది.

మీ పాట మీద మీరే చూసుకోవాలంటే ఇలా చేయండి. ఫోనులో జలదరింపు వచ్చే నిమిషం, సెకను రాసుకోండి. ఒక రోజు మొదటి నుంచి వినండి. ఇంకో రోజు ఆ చోటుకు ఐదు సెకన్ల ముందు నుంచి మాత్రమే వినండి. ఒకే రోజు రెండూ చేయకండి, ఒకసారి జలదరించాక కాసేపు ఒళ్ళు పలకదు. ఐదు సెకన్ల నుంచి వింటే జలదరింపు రాకపోతే, మీలో పని చేస్తున్నది చరణమంతా కట్టుకుంటూ వచ్చిన ఎదురుచూపు. అప్పుడు కూడా అంతే గట్టిగా వస్తే అనుమానించాల్సిన వాళ్ళు ఇంకో ఇద్దరున్నారు.

మొదటివాడు శబ్దం. నిశ్శబ్దం తరువాత పల్లవి దబ్బున పెద్ద సౌండుతో దిగితే, అది పాట కాకపోయినా ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. సౌండు బాగా తగ్గించి వినండి. అప్పుడు జలదరింపు పూర్తిగా పోతే కారణం చాలావరకు ఇదే. రెండోవాడు జ్ఞాపకం. ఆ పాట ఒక మనిషితోనో ఒక రోజుతోనో ముడిపడి ఉంటే, సంగీతం ఎలా ఉన్నా ఒళ్ళు స్పందిస్తుంది. దీన్ని పట్టే దారి: అదే తీరులో చరణం ఆగి పల్లవి దిగే, మీకు ఏ సంబంధమూ లేని, ఎన్నడూ వినని పాట ఒకటి వెతికి వినండి. పాట్రిక్ యూస్లిన్, డానియెల్ వెస్ట్‌ఫ్యెల్ 2008లో సంగీతం భావాన్ని పుట్టించే దారులు ఆరు చెప్పారు. వాటిలో ఎదురుచూపు ఒకటి మాత్రమే. ఉలికిపాటు, జ్ఞాపకం, పాడే గొంతులోని ఏడుపు మనకు అంటుకోవడం, ఇలా మిగతా ఐదు కూడా అదే పాటలో అదే క్షణాన పని చేయవచ్చు. ఎదురుచూపే అన్నిటికీ తాళంచెవి అనే వాళ్ళతో నేను ఒప్పుకోను.

మీ ఇంట్లో ఎవరైనా ఈ పాట విని "దీంట్లో ఏముంది" అంటే వాళ్ళను దబాయించకండి. డబ్బు గెలిస్తే సంతోషించి, సంగీతానికి మాత్రం చర్మం మీద చుక్క చెమట కూడా పట్టని ఆరోగ్యవంతులు ఉన్నారని 2014లో బార్సిలోనా పరిశోధకులు చూపించారు. వాళ్ళకు పాట వినపడుతుంది, అర్థమవుతుంది. ఆ చివరి కూలి మాత్రం అందదు.